జీరో టికెట్: ఒక హాస్టల్ కథ, దాని వెనక కేసు

యువజన అధ్యయనాల కోర్సులో ఒక యూనిట్‌కి పాఠం బదులు కథ చదివిద్దామనుకున్నాను. చిన్న ఊరి నుంచి వచ్చి హైదరాబాద్‌లో యూనివర్సిటీ హాస్టల్లో చేరిన అమ్మాయి కథ. ఆరేళ్లు అమ్మాయిల హాస్టల్ బాధ్యత చూశాను, కౌన్సెలింగ్ చేశాను, కాబట్టి ఆ కథ నేనే రాయగలననుకున్నాను. రాసి, క్లాసులో చదివి వినిపించాను. పది నిమిషాల్లో అది తప్పు కథ అని తేలిపోయింది. ఆ తప్పు ఎక్కడుందో, రెండోసారి ఎలా రాశానో ఇక్కడ వివరంగా చెబుతాను. ఎందుకంటే కథలో చేసిన తప్పునే అంతకుముందు కౌన్సెలింగ్ గదిలోనూ చేశాను.

కథకు ఆధారం నా దగ్గరికి వచ్చిన ఒక్క అమ్మాయి కాదు. వేరువేరు సంవత్సరాల్లో వచ్చిన నలుగురైదుగురి పరిస్థితులు కలిపి సరిత అనే పాత్రను తయారు చేశాను. ఊరు నారాయణపేట. ఆ ఏడాది మా హాస్టల్లో నారాయణపేట వాళ్లు ఎవరూ లేరు, అందుకే ఆ ఊరు తీసుకున్నాను. ఉన్న ఊరు పెడితే క్లాసులో ఎవరో ఒకరు “ఇది ఫలానా అమ్మాయే” అని గుర్తుపడతారు, ఆ అమ్మాయి ఇక నా గది గడప తొక్కదు. పైగా మా పెద్దమ్మ వాళ్లది ఆ ఊరే. మగ్గం గుంటలో కాళ్లు ఆడిస్తూ చీర నేసేవాళ్లను, నెలలో సగం రోజులు పని లేక ఖాళీగా ఉన్న మగ్గాలను చిన్నప్పటి నుంచి చూశాను. సరిత తండ్రి అలా చీరకింత అని కూలికి నేసే మనిషి.

సరిత డిగ్రీ ఊళ్లోనే తెలుగు మీడియంలో చదివింది. సీపీగెట్ రాసి ఎం.ఏ.లో సీటు తెచ్చుకుంది. కథ నడిచే కాలం మొదటి సెమిస్టర్‌లో మొదటి ఎనిమిది వారాలు. మొదటి ఇంటర్నల్ పరీక్ష ఆ ఎనిమిది వారాల చివర్లో వస్తుంది. ఎవరు కుదురుకున్నారు, ఎవరు కుదురుకోలేదు అని డిపార్ట్‌మెంట్ వాళ్లు ఒక అభిప్రాయానికి వచ్చేది ఆ సమయంలోనే. కథలో ఉండే సమస్య ఒక్కటే: సరిత ప్రతి శనివారం తెల్లవారుజామున ఊరికి వెళ్లిపోతుంది, సోమవారం పొద్దున తిరిగి వస్తుంది. ఎనిమిది వారాల్లో ఏడు వారాలు అలాగే చేసింది.

మొదటి ప్రతిలో దీన్ని నేను ఇంటి బెంగగా రాశాను. రాత్రిళ్లు దుప్పటి కప్పుకుని ఏడవడం, మెస్‌లో అన్నం సగం వదిలేయడం, ఇంగ్లీషు లెక్చర్ అర్థం కాక కిటికీ వైపు చూడడం, ఇవన్నీ పెట్టాను. చివరికి ఒక శనివారం బస్టాండ్ దాకా వెళ్లి, బస్సు ఎక్కకుండా తిరిగి వచ్చేస్తుంది. బ్యాగు మంచం కింద పెట్టేస్తుంది. కథ అయిపోతుంది. రాసినప్పుడు ఆ ముగింపు నాకు చాలా నచ్చింది.

ఆ ముగింపు నాకు ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పాలి. చదువుల కోసం ఇల్లు వదిలినవాళ్ల గురించి ఈ రంగంలో ఎక్కువగా వాడే నమూనా విన్సెంట్ టింటోది. అమెరికాలో విద్యార్థులు కాలేజీ మధ్యలో ఎందుకు మానేస్తున్నారో వివరించడానికి ఆయన 1975లో ఒక సిద్ధాంతం ఇచ్చాడు. తర్వాత దానికి, జీవితంలో ఒక స్థితి నుంచి మరో స్థితికి మారే ఆచారాల గురించి మానవశాస్త్రవేత్త వాన్ గెనెప్ 1909లో చెప్పిన మూడు దశలను జోడించాడు. పాత గుంపు నుంచి విడిపోవడం, నడిమధ్యన ఉండడం, కొత్త గుంపులో కలిసిపోవడం. మా వార్డెన్ల మీటింగుల్లో ఎవరూ టింటో పేరు ఎత్తరు కానీ, “వారం వారం ఇంటికి పోయే పిల్ల సెట్ కాదండీ” అన్న మాటలో ఉన్నది అదే ఆలోచన. విడిపోతేనే కలుస్తారు. నా కథలో సరిత బస్సు ఎక్కకపోవడం మొదటి దశ పూర్తవడం అన్నమాట. నేను పాత్ర వెనక నడవలేదు, సిద్ధాంతం వెనక నడిచాను.

క్లాసులో చదువుతుండగా మధ్యలో ఒక చోట ఆగాల్సి వచ్చింది. తల్లి సరిత చేతిలో రెండు రెండొందల నోట్లు పెట్టి “బస్సు కిరాయికి ఉంచుకో బిడ్డా” అనే వాక్యం అది. వెనక బెంచీ నుంచి ఒక అమ్మాయి చెయ్యి ఎత్తింది.

“మేడం, కిరాయి ఎందుకు? ఆధార్ చూపిస్తే జీరో టికెట్ ఇస్తరు కదా.”

2023 డిసెంబర్ 9 నుంచి తెలంగాణలో ఆడవాళ్లకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ప్రయాణం ఉచితం. హైదరాబాద్‌లో సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లోనూ అంతే. కండక్టర్ గుర్తింపు కార్డు చూసి సున్నా రూపాయల టికెట్ కొట్టి ఇస్తాడు. ఈ సంగతి నాకు తెలియక కాదు. కథ రాసేటప్పుడు మాత్రం నా చదువు రోజులే మనసులో ఉన్నాయి. అప్పట్లో ఊరికి వెళ్లడమంటే ఖర్చు, ఖర్చు పెట్టుకుని మరీ వెళ్లారంటే అంత బెంగ ఉన్నట్టు. కిరాయి సున్నా అయ్యాక ఆ లెక్క తలకిందులైంది. అమ్మాయి ఊరికి వెళ్లిందంటే బెంగతోనే వెళ్లిందని ఇక అనుకోలేం.

నేను ఆ నోట్ల వాక్యం కొట్టేసి ముందుకు పోదామనుకునేలోపే మరో అమ్మాయి అంది: “మేడం, ఉంటేనే ఖర్చు. ఆదివారం రాత్రి మెస్ ఉండదు కదా.”

క్లాసు కొంతసేపు నిశ్శబ్దంగా ఉంది. తర్వాత చిన్న ఊళ్ల నుంచి వచ్చిన పిల్లలు ఒకరి తర్వాత ఒకరు మాట్లాడారు. నేను కథ పక్కన పెట్టి రాసుకోవడం మొదలుపెట్టాను.

మా హాస్టల్లో ఆదివారం మధ్యాహ్నం చికెన్‌తో స్పెషల్ పెడతారు, రాత్రి వంటవాళ్లకు సెలవు. ఇది ఎప్పటి నుంచో ఉన్న ఏర్పాటు, దాన్ని నేను సమస్యగా ఎప్పుడూ చూడలేదు. మెస్ బిల్లు డివైడింగ్ పద్ధతిలో వేస్తారు. నెలలో అయిన మొత్తం ఖర్చును, అందరూ తిన్న రోజుల మొత్తంతో భాగిస్తే రోజుకు ఎంతో వస్తుంది. ఎవరు ఎన్ని రోజులు తింటే దాన్ని అన్నింతలు చేస్తారు. వినడానికి న్యాయంగానే ఉంది. కానీ సెలవు తగ్గింపు కావాలంటే వరుసగా మూడు రోజులు లేకపోవాలి, ముందుగా లెటర్ ఇవ్వాలి. శని, ఆదివారాలు మాత్రమే లేని అమ్మాయికి ఆ రెండు రోజులూ తిన్నట్టే లెక్క.

రెండో ప్రతి మొదలుపెట్టే ముందు సరిత నెల లెక్క కాగితం మీద వేశాను. ఇవి కథ కోసం వేసుకున్న అంకెలే, అయినా మాట్లాడిన పిల్లలకు చూపించి సరిచేయించుకున్నాను. తండ్రి నెలకు పంపేది 1,500. ఫోన్ రీచార్జికి 300, జిరాక్సులకు, సబ్బులకు, మిగతా చిల్లర ఖర్చులకు 500 పోతే మిగిలేది 700. నాలుగు వారాంతాలకు పంచితే ఒక్కోదానికి 175. హాస్టల్లో ఉండిపోతే ఆదివారం రాత్రి బయట తినడానికి 100, శనివారం రూమ్మేట్లు కోఠికో ట్యాంక్‌బండ్‌కో తీసుకెళితే తన వాటా 200. మొత్తం 300. ప్రతి వారం 125 తక్కువ, నెలకు 500. స్కాలర్‌షిప్ డబ్బు ఎప్పుడు వస్తుందో తెలియదు కాబట్టి దాన్ని లెక్కలోకి తీసుకోలేదు.

ఇక ఊరికి వెళితే? హాస్టల్ నుంచి ఎంజీబీఎస్‌కి సిటీ బస్సు సున్నా. ఆరాంఘర్, షాద్‌నగర్, జడ్చర్ల, మహబూబ్‌నగర్ మీదుగా నారాయణపేటకు ఎక్స్‌ప్రెస్ సున్నా. రెండు రోజుల తిండి ఇంట్లోనే. వచ్చేటప్పుడు తల్లి కట్టి ఇచ్చే జొన్న రొట్టెలు, పల్లీల పొడి బుధవారం దాకా సాయంత్రాలు ఆకలేస్తే పనికొస్తాయి. ఆమె చెల్లించే మూల్యం డబ్బు రూపంలో లేదు. రానుపోను పది, పదకొండు గంటలు బస్సులో, బస్టాండ్లో పోతాయి. శనివారం లైబ్రరీ పోతుంది. సెమినార్ గ్రూపు శనివారం కూర్చుంటే ఆమె అందులో ఉండదు.

ఈ లెక్క చేతిలోకి వచ్చాక సరిత పాత్రే మారిపోయింది. మొదటి ప్రతిలో ఆమె భయస్తురాలు. ఇప్పుడు ఆమె ఇంటి పరిస్థితి తెలిసిన, పైసా పైసా చూసుకునే మనిషి. తండ్రిని ఇంకో 500 అడగకుండా నెల గడపడానికి ఆమెకు దొరికిన దారి ఆ బస్సు.

లెక్క దొరికినంత మాత్రాన కథ రాదు. దానికి తోడు నాకు హాస్టల్ ఔటింగ్ రిజిస్టర్ దొరికింది. వార్డెన్ అనుమతితో, పేర్ల గడి మీద కాగితం అడ్డం పెట్టి, ఆరు వారాల పేజీలు చూశాను. అందులో “కారణం” అని ఒక గడి ఉంటుంది. “అమ్మకు ఒంట్లో బాగాలేదు”, “పండగ”, “బ్యాంకు పని”, “ఫంక్షన్”. ఒకే చేతిరాతలో వరుసగా నాలుగు శనివారాలు “అమ్మకు ఒంట్లో బాగాలేదు” అని ఉంది. అమ్మ నిజంగానే నాలుగు వారాలు మంచం పట్టి ఉండవచ్చు. కానీ డబ్బు లేక వెళ్తున్నామని ఆ ఆరు వారాల్లో ఒక్కరూ రాయలేదు. ఆ గడిలో అలాంటి కారణం రాయవచ్చని కూడా ఎవరికీ తట్టి ఉండదు.

దీంతో కథకు అసలు ముడి దొరికింది. సరిత రెండు చోట్ల రెండు అబద్ధాలు చెబుతుంది. హాస్టల్లో అమ్మకు బాగాలేదంటుంది. ఇంట్లో ఇలా:

> “మొన్ననే వచ్చి పోతివి కదా బిడ్డా, మల్ల వచ్చినవేంది?” అమ్మ జొన్న పిండి పిసుకుతూనే అడిగింది.
> “మీ మీద పాణం కొట్టుకుంటున్నదమ్మా.”
> నాయిన మగ్గం ఆపి చూశాడు. నవ్వాడు. “ఇంత బెంగ ఉన్నది, పట్నంల ఎట్ల చదువుతవే?”
> సరిత సమాధానం చెప్పకుండా చెంబు పట్టుకుని బయటికి పోయింది. మగ్గం మీద చీర పోయిన వారం ఎంత ఉందో అంతే ఉంది.

ఆఖరి వాక్యం కోసం చాలాసేపు ఆలోచించాను. పని లేదని తండ్రి నోటితో చెప్పిస్తే అది పాఠం అవుతుంది. చీర కదల్లేదని సరిత కళ్లతో చూపిస్తే, 500 ఎందుకు అడగలేదో చదివేవాళ్లకే తెలుస్తుంది. ఇంట్లో వాళ్ల దృష్టిలో ఆమె బెంగ పెట్టుకున్న పిల్ల, హాస్టల్ దృష్టిలో జబ్బు తల్లి ఉన్న పిల్ల. డబ్బు సంగతి రెండు చోట్లా ఎవరికీ తెలియదు.

రెండో ప్రతిలో కౌన్సెలర్‌ని కూడా పెట్టాను. ఆ పాత్ర నేనే. అటెండెన్స్ చూసి సరితను పిలిచి, “ఒక నెల ఇంటికి వెళ్లకు, అలవాటవుతుంది” అంటుంది. ఈ సలహా నేను నిజంగా ఇచ్చాను, ఒకరికి కాదు, చాలామందికి. వాళ్లు తల ఊపి వెళ్లిపోయేవాళ్లు. కొందరు మళ్లీ నా దగ్గరికి రాలేదు. సమస్య తీరిపోయిందనుకున్నాను. కథలో సరిత ఆ సలహా పాటిస్తుంది. నాలుగో వారం ఊరికి వెళ్లకుండా ఉండిపోతుంది. ఆదివారం రాత్రి రూమ్మేట్లు బిర్యానీకి పిలిస్తే తలనొప్పి అంటుంది. నీళ్లు తాగి తొమ్మిదింటికే పడుకుంటుంది. సోమవారం మొదటి పీరియడ్‌లో ఆమెకు ఏమీ ఎక్కదు. కౌన్సెలర్ తన ఫైల్లో “కొంత మెరుగు” అని రాస్తుంది.

ఆ రెండు మాటలూ నా పాత ఫైళ్లలో ఉన్నాయి. అక్కడి నుంచే తీసుకున్నాను.

ఇంటి బెంగ నిజంగా ఉండే పిల్లలూ ఉన్నారు, వాళ్లను ఈ కథ కాదనదు. తేడా కనుక్కోవడానికి నాకు ఇప్పుడు ఉపయోగపడుతున్నది ఒక చిన్న మార్పు. ఇల్లు గుర్తొస్తోందా అని అడగడం మానేశాను. ఆ ప్రశ్నకు ఎవరైనా అవుననే అంటారు, అది పరువు పోని సమాధానం కాబట్టి. దాని బదులు, “పోయిన ఆదివారం లేచిన దగ్గర నుంచి పడుకునేదాకా ఏం చేశావో చెప్పు” అంటాను. బెంగ ఉన్న పిల్ల ఫోన్ల గురించి, సాయంత్రం దిగులు గురించి చెబుతుంది. బెంగ ఆదివారానికే ఉండదు, బుధవారం రాత్రి కూడా ఉంటుంది. డబ్బు ఇబ్బంది ఉన్న పిల్ల చెప్పే రోజులో భోజనం దగ్గరికి వచ్చేసరికి ఒక ఖాళీ వస్తుంది. “తర్వాత... పడుకున్నా మేడం.” ఆ ఖాళీ దగ్గర తొందరపడకుండా ఆగితే చాలు.

టింటో నమూనాను క్లాసులో చెప్పకుండా వదిలేయలేదు, కానీ దానికి వచ్చిన విమర్శను కథ పక్కన పెట్టి చదివిస్తున్నాను. విలియం టియర్నీ 1992లో అన్నదేమిటంటే, వాన్ గెనెప్ చెప్పిన దశలు ఒకే సమాజం లోపల జరిగే మార్పులవి. పిల్లవాడు పెద్దవాడవుతాడు, కానీ అదే ఊళ్లో, తన వాళ్ల మధ్యే. ఒక సంస్కృతి నుంచి మరో సంస్కృతిలోకి వచ్చిన విద్యార్థికి దాన్ని అన్వయిస్తే, నీ వాళ్లను వదులుకుంటేనే చదువు వస్తుంది అని చెప్పినట్టవుతుంది. ఆయన మాట్లాడింది అమెరికాలోని ఆదివాసీ విద్యార్థుల గురించి. సరిత వాళ్లతో సమానం కాదు. కానీ ఆమె మూటలో ఉన్న జొన్న రొట్టెలే ఆమెను బుధవారం దాకా క్లాసులో నిలబెడుతున్నాయి. ఇల్లు ఆమెను వెనక్కి లాగుతోందో, ముందుకు తోస్తోందో చెప్పమని పిల్లల్ని అడిగితే క్లాసు రెండుగా చీలుతుంది. శనివారం పోయిన సెమినార్ మార్కులు చూపించి కొందరు మొదటిదే నిజమంటారు. వాళ్లనూ తప్పుపట్టలేను.

ముగింపు దగ్గర మళ్లీ ఇబ్బంది వచ్చింది. ఒక ప్రతిలో రూమ్మేట్‌కి కూడా డబ్బు లేదని బయటపడుతుంది, ఇద్దరూ రొట్టెలు పంచుకుంటారు. పిల్లలు విని, బాగుంది కానీ మీరు అలా జరగాలని కోరుకుంటున్నారు మేడం, అన్నారు. అది తీసేశాను. ఇప్పుడున్న ముగింపు ఇది:

> శుక్రవారం రాత్రి సరిత రిజిస్టర్ ముందు నిలబడింది. పేరు, రూమ్ నంబర్, వెళ్లే ఊరు, తిరిగి వచ్చే తేదీ రాసింది. కారణం దగ్గర ఎప్పటిలాగే ‘అ’ అని మొదలుపెట్టి ఆగింది. దాన్నే ‘ఆ’గా దిద్దింది.
> “ఆదివారం రాత్రి మెస్ లేదు.”
> వాచ్‌మన్ అక్క చూడకుండానే రిజిస్టర్ మూసి పక్కన పెట్టింది.

దీని మీద ఒప్పందం కుదరలేదు. ఏ అమ్మాయీ అలా రాయదని ఇద్దరు గట్టిగా అన్నారు. రాస్తే వార్డెన్ పిలిపిస్తుందని ఒకరు, పిలిపిస్తే మంచిదే కదా అని ఇంకొకరు. అసలు రిజిస్టర్లో కారణం అడగడమే తప్పని మరో అమ్మాయి అంది. పెద్దదైన అమ్మాయి తన ఇంటికి వెళ్లడానికి కారణం ఎందుకు చెప్పాలి? ఆ ప్రశ్నకు నా కథలో చోటు లేదు, కానీ యూనిట్ చివర చర్చకు దాన్నే ఇస్తున్నాను. కథ చదివే ముందు సరిత నెల లెక్క మాత్రం ఎవరికి వాళ్లు వేయాలి. ముందుగా వాళ్లకు తెలిసిన ధరలతో వేస్తారు. బయట భోజనానికి 250 వేసినవాళ్లు, 60 వేసినవాళ్లు ఒకే బెంచీ మీద ఉంటారు. అంకెలు పైకి చదివించను, కాగితాలు తీసుకుని ఒక రేంజ్ మాత్రం బోర్డు మీద రాస్తాను.

హాస్టల్ విషయంలో నేను చేయగలిగింది కొంతే. ఆదివారం మధ్యాహ్నమే రాత్రికి కూడా పులిహోరో, చపాతీలో చేసి పెట్టమని మెస్ కమిటీకి రాశాను. డివైడింగ్‌లో రోజు రేటు కొంచెం పెరుగుతుందని కమిటీలో పిల్లలే అభ్యంతరం చెప్పారు. రేటు పెరిగితే భారం పడేది మళ్లీ సరితలాంటి వాళ్ల మీదే కాబట్టి ఆ అభ్యంతరం చిన్నది కాదు. ఆ మాట ఇంకా నడుస్తోంది.

కథను మూడో ఏడాది చదివినప్పుడు ఒక అబ్బాయి క్లాసు అయ్యాక ఆగాడు. అంతసేపూ ఒక్క మాట మాట్లాడలేదు.

“మేడం, మాకు జీరో టికెట్ లేదు కదా,” అన్నాడు. “రానుపోను నాలుగైదు వందలు. నేను దసరాకి పోయి, మళ్ల సంక్రాంతికే పోయిన.”

ఆదివారం రాత్రి ఏం చేసేవాడివి అని అడిగాను. మధ్యాహ్నం మెస్‌లో ఆలస్యంగా వెళ్లి రెండుసార్లు పెట్టించుకునేవాణ్ణని చెప్పాడు. తర్వాత రీడింగ్ రూమ్‌లో లైట్లు ఆర్పేదాకా కూర్చునేవాడట.

ఆ అబ్బాయి మొదటి సెమిస్టర్ నివేదిక నాకు తెలుసు. సెలవులు పెట్టడు, ఊరికి వెళ్లడు, ఆదివారాలు కూడా రీడింగ్ రూమ్‌లోనే ఉంటాడు అని వాళ్ల హాస్టల్ వార్డెన్ రాశారు. కింద “బాగా అలవాటుపడ్డాడు” అన్న గడిలో టిక్కు పెట్టి ఉంది. కింద కౌన్సెలర్ సంతకం నాది.